‘ట్రైనింగ్ ప్లస్ జాబ్’ ప్రకటన చూసి డబ్బు కట్టొద్దు

అనంతపురం చుట్టుపక్కల ఫైనలియర్ వాట్సాప్ గ్రూపుల్లో బెంగళూరు కంపెనీది అంటూ ఒక ప్రకటన తిరుగుతోంది. ఫ్రెషర్లకు 4.8 లక్షల దాకా ప్యాకేజీ, మూడు నెలల ట్రైనింగ్ అవగానే జాయినింగ్, 25 వేల డిపాజిట్ తర్వాత వాపసు. మా చిన్నాన్న కొడుకు పోయినేడు ఇలాంటిదానికే డబ్బు కట్టాడు. ట్రైనింగ్ అయితే ఇచ్చారు. ఉద్యోగం లేదు, డిపాజిట్టూ లేదు. గట్టిగా అడిగితే వాడు సంతకం పెట్టిన కాగితం చూపించారు: హాజరు 90 శాతం, చివరి పరీక్షలో 80 శాతం వస్తేనే వాపసట. పేపర్ పెట్టేది వాళ్లే, దిద్దేదీ వాళ్లే!

మొన్న మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసర్ సారు ఈ కొత్త ప్రకటనను ప్రొజెక్టర్ మీద వేసి మాతోనే చదివించారు. జీతం సంగతి పక్కన పెట్టి, “ఇందులో చేయాల్సిన పనేంటో చూపించండ్రా” అన్నారు. ఎంత వెతికినా దొరకలేదు. ఏ పోస్టు, ఏ పని, ఆఫీసు ఎక్కడ, ఒక్క ముక్క లేదు. ట్రైనింగ్ గురించి మాత్రం సగం పేజీ ఉంది. “అంటే మిమ్మల్ని పనిలోకి తీసుకోవడం లేదు, మీకు కోర్సు అమ్ముతున్నారు” అన్నారు సారు.

కింద చిన్న అక్షరాల్లో ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంది. అంటే మన రెజ్యూమె నాలుగు చోట్లకు పంపితే వాళ్ల మాట చెల్లినట్టే. ‘4.8 లక్షల దాకా’ అన్నారు గానీ కనీసం ఎంతో చెప్పలేదు. రెండు లక్షలిచ్చినా ఆ మాట తప్పు కాదు.

బాండు వేరు, ఇది వేరు అని కూడా సారు చెప్పారు. బాండు పెట్టే కంపెనీ ముందు ఉద్యోగమిచ్చి, మధ్యలో మానేస్తే డబ్బు అడుగుతుంది. అదీ ఆలోచించాల్సిందే, కానీ అక్కడ చేరేముందు జేబులోంచి రూపాయి తీయనక్కర్లేదు.

తర్వాత అడుగున ఉన్న సీఐఎన్ చూపించారు. కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరది, అక్షరాలూ అంకెలూ కలిపి 21 ఉంటాయి. అందులో KA2023PTC అని ఉంది: కర్ణాటకలో, 2023లో రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అన్నమాట. పైన మాత్రం ‘పదేళ్ల అనుభవం’ అని రాసుకున్నారు! mca.gov.in లో కంపెనీ పేరు కొడితే పెట్టిన తేదీ, అడ్రసు, ఇంకా నడుస్తోందా లేదా తెలుస్తాయి. అయితే అక్కడ పేరున్నంత మాత్రాన నమ్మకస్తులని కాదు. పెద్ద కంపెనీ పేరు వాడుకునేవాళ్లూ ఉంటారు కాబట్టి, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో అదే ఉద్యోగం ఉందో లేదో కూడా చూడండి.

ఇప్పటికే కట్టేసినవాళ్లు: అసలు కంపెనీయే లేదని తేలితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రైనింగ్ ఇచ్చి డిపాజిట్ ఎగ్గొడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. రసీదు, యూపీఐ వివరాలతో పాటు ప్రకటన స్క్రీన్‌షాట్ కూడా ఇప్పుడే తీసి పెట్టుకోండి. మావాడు అడగడం మొదలుపెట్టిన వారానికే వాళ్లు దాన్ని గ్రూపులోంచి తీసేశారు.