బైనాక్యులర్స్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఇంగ్లిష్ చెబుతాను. వాళ్ల వ్యాసాల్లో మెషీన్ రాసినవేవో చూడటానికి 2024లో వచ్చిన బైనాక్యులర్స్ అనే ఉచిత టూల్‌ని చాలాకాలంగా వాడుతున్నాను. నడపడం తేలికే:

```python
from binoculars import Binoculars
bino = Binoculars()
text = open("essay.txt", encoding="utf-8").read()
print(bino.compute_score(text))
```

ఇది లోపల ఫాల్కన్-7బి, దాని ఇన్‌స్ట్రక్ట్ వెర్షన్ అనే రెండు భాషా మోడళ్లను నడుపుతుంది. పాఠాన్ని ముక్కలుగా విడగొట్టే టోకెనైజర్ రెంటికీ ఒకటే కాబట్టి వాటి అంచనాలను పదం పదం పోల్చవచ్చు. రెండూ కలిపి 28 జీబీ దాకా జీపీయూ మెమరీ తింటాయి. మామూలు ల్యాప్‌టాప్‌లో కష్టం.

పాత పద్ధతిలో ఒకే మోడల్‌ని 'ఈ పదాలు నీకెంత ఆశ్చర్యంగా ఉన్నాయి?' అని అడిగేవారు. తక్కువైతే మెషీన్ రాత అనేవారు. నేనిచ్చిన ఒక టాపిక్‌తోనే ఆ పద్ధతి ఎక్కడ తప్పుతుందో చెబుతాను: తిరుమల శిలాతోరణం గురించి ఒక చిరుతపులి చెబుతున్నట్టు రాయాలి. విషయమే వింత కాబట్టి, మెషీన్ రాసినా ఆశ్చర్యం ఎక్కువే వస్తుంది. ఆ ప్రశ్నేమిటో మోడల్‌కి తెలియదు కదా!

బైనాక్యులర్స్ ఇంకో కొలత తీస్తుంది. ప్రతి చోటా ఒక మోడల్ ఊహించే తర్వాతి పదాలు రెండో మోడల్‌కి సగటున ఎంత ఆశ్చర్యంగా ఉంటాయో చూస్తుంది. మొదటి కొలతను దీంతో భాగిస్తే స్కోరు. వ్యాసం ఆశ్చర్యం 2.6, మోడళ్ల మధ్య ఆశ్చర్యం 3.3 అనుకుందాం. స్కోరు 0.79. టూల్‌లో ఉన్న రెండు గీతల్లో ఒకటి 0.9015, దాన్ని ఎంచుకుంటే అంతకంటే కింద ఉన్నదాన్ని మెషీన్ రాత అంటుంది. అదే 2.6 ఉన్న ఇంకో వ్యాసానికి రెండో కొలత 2.7 అయితే స్కోరు 0.96, మనిషి రాసిందే అనుకోవచ్చు. చిరుత వల్ల వచ్చిన వింత రెండు కొలతల్లోనూ ఉంటుంది కాబట్టి భాగహారంలో చాలావరకు పోతుంది. మిగిలేది రాసినవాళ్ల సొంత పోకడ.

ఈ టూల్‌కి లేబుల్ వేసిన శిక్షణ డేటా అక్కర్లేదు, దానికి కారణం కూడా ఇదే. మనిషి రాతలు, మెషీన్ రాతలు పోగేసి డిటెక్టర్‌కి నేర్పితే అది ఆ మెషీన్ అలవాట్లనే నేర్చుకుంటుంది, కొత్త మోడల్ రాగానే తడబడుతుంది. ఇక్కడ పోలికకు ఆధారం రెండో మోడలే ఇస్తుంది. గీత ఎక్కడ గీయాలో తేల్చడానికి మాత్రం కొన్ని తెలిసిన నమూనాలు చూడక తప్పదు. ఒక పిల్లవాడి మీద అనవసరంగా నింద పడకూడదని నేను రెండోదైన 0.8536 అనే కఠినమైన గీతనే వాడతాను.

అయినా స్కోరు చూసి మార్కులు తగ్గించను, పిలిచి మాట్లాడతాను. ఎందుకంటే బాగా ప్రచారంలో ఉన్న పాఠాలు, ఉదాహరణకు అమెరికా రాజ్యాంగం, మోడళ్లు కంఠతా పట్టినవి కాబట్టి మెషీన్ రాతగా తేలతాయి. పాఠ్యపుస్తకం నుంచి ఎత్తిరాసిన పేరాలకూ ఈ ప్రమాదం ఉంది. రెండు మూడు వాక్యాల జవాబులకైతే స్కోరు నిలకడగా ఉండదు, నేను వాటికి వాడను.

తెలుగు వ్యాసాలకు ఈ రూపంలో పనికిరాదు. ఫాల్కన్‌కి తెలుగు దాదాపు రాదు, అక్షరాలను ముక్కలు చేసి చదువుతుంది. అందుకే మెషీన్ రాసిన తెలుగునూ చాలాసార్లు మనిషి రాతగానే వదిలేస్తుంది. తెలుగు బాగా వచ్చిన మోడళ్ల జతను పెట్టి, గీతను మళ్లీ కొలిచి చూసుకుంటేనే దీన్ని తెలుగు మాస్టార్లకు ఇవ్వగలం.