కామెంట్ కీవర్డ్ క్యారసెల్ ప్యాకేజీ కొంటున్నారా? బరంపురం, పర్లాకిమిడి షాపులవాళ్లు ముందు ఇది చూడండి

"కామెంట్‌లో ఒక్క మాట టైప్ చేయండి, గైడ్ ఫ్రీగా పంపుతాం" అనే, పక్కకి జరుపుతూ చూసే క్యారసెల్ పోస్టులు తయారుచేసి, మెసేజ్ దానంతటదే వెళ్లేలా సెట్ చేసిస్తామని ప్యాకేజీలు అమ్ముతున్నారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలు అమ్ముకునేవాళ్లు వీటిని కొంటున్నారు. పద్ధతి మంచిదే. చేతికిచ్చే సరుకే చాలాసార్లు బాగుండదు.

పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగిపోండి. సరైన టూల్‌కి మీ పాస్‌వర్డ్‌తో పని లేదు. మీ అకౌంట్ ప్రొఫెషనల్‌గా మారి ఉండాలి, మీ ఫోన్‌లోనే మెటా లాగిన్ పేజీ తెరుచుకోవాలి, అనుమతి మీరే నొక్కాలి. అంతే. ఇంకో ఆనవాలు కూడా ఉంది. "కామెంట్ పెట్టినవాళ్లకి వరసగా ఐదు మెసేజ్‌లు వెళ్తాయి" అని చెప్తే నమ్మొద్దు. అధికారిక పద్ధతిలో ఒక కామెంట్‌కి ఒక్క ప్రైవేట్ మెసేజే వెళ్తుంది, అదీ 7 రోజుల్లోపు. అవతలివాళ్లు జవాబిస్తేనే మరో 24 గంటలు మాట్లాడే వీలు. వాళ్లు పలక్కపోయినా ఐదు పంపగలమంటే పాస్‌వర్డ్‌తో నడిచే బాట్ అన్నమాట. రేపు అకౌంట్ బ్లాక్ అయితే నష్టం మీకే.

ఉన్న ఆ ఒక్క మెసేజ్‌లోనే గైడ్ లింక్ ఉండాలి. ప్యాకేజీల్లో ఎక్కువగా "ముందు ఫాలో అవ్వండి, తర్వాత బటన్ నొక్కండి, అప్పుడు లింక్ వస్తుంది" అని పెడతారు. అడిగిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి బేరమాడినట్టే అది.

బరంపురం పట్టుచీరలు అమ్మే షాపు ఒకటి అనుకుందాం. గైడ్ పేరు "పట్టుచీర ఏడాదంతా దాచుకునే పద్ధతి". కొన్న టెంప్లేట్‌లో ప్రతి స్లైడ్ అడుగునా "కామెంట్ చేయండి" అని బాణం గుర్తుతో ఉంటుంది, లోపల చదవడానికి ఏమీ ఉండదు. ఎనిమిది స్లైడ్లలో ఎనిమిదిసార్లు అడిగితే జనం మూడో స్లైడ్ దగ్గరే పోస్టు వదిలేసి వెళ్లిపోతారు. కామెంట్ల కోసం అడుక్కునే పోస్టుల్ని వెనక్కి నెడతామని ఫేస్‌బుక్ 2017లోనే ప్రకటించింది కూడా.

అదే క్యారసెల్ ఇలా ఉండాలి. మొదటి స్లైడ్ విషయం చెప్పాలి. రెండు నుంచి ఆరు దాకా నిజంగా పనికొచ్చే ఐదు సంగతులు: నూలుగుడ్డలో చుట్టడం, రెండు మూడు నెలలకోసారి మడత మార్చడం, కలరా ఉండలు జరీకి తగలనివ్వకపోవడం లాంటివి. గైడ్ తీసుకోకపోయినా చదివినవాళ్లకి ఏదో ఒకటి దక్కాలి. ఏడోదాంట్లో గైడ్‌లో అదనంగా ఏముందో చెప్పాలి: ఏ మరకకి ఏం చేయాలి, ఏ నెలలో ఏం చూసుకోవాలి. అడగడం ఎనిమిదో స్లైడ్‌లో, ఒక్కసారే: "మరకల పట్టిక కావాలంటే మడత అని రాయండి. కామెంట్ ఇష్టంలేకపోతే లింక్ మా బయోలో ఉంది." ఆ రెండో వాక్యమే ఒత్తిడి తీసేస్తుంది.

కీవర్డ్ దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. అమ్మేవాళ్లు `CHEERA` ఒక్కటే పెట్టి వెళ్లిపోతారు. మనవాళ్లు `చీర` అని రాస్తారు, `chira` అంటారు, `Cheera pls` అంటారు. అచ్చంగా అదే మాట ఉంటేనే పంపేలా పెడితే వీటిలో ఒక్కదానికీ మెసేజ్ వెళ్లదు. పోనీ `చీర` కూడా చేర్చి, కామెంట్‌లో ఎక్కడున్నా పంపేలా పెడితే, "ఈ చీర ధరెంత?" అన్నవాళ్లకి కూడా గైడ్ వెళ్తుంది, ధర చెప్పేవాళ్లుండరు. అందుకే మామూలు మాటల్లో దొర్లని పదం ఎంచుకుని (`మడత` లాంటిది), `madatha`, `madata` కూడా చేర్పించుకోండి. ఒడియా కస్టమర్లుంటే ఒడియా లిపిలో కూడా.

చివరి చెల్లింపు ఇచ్చేముందు, మీ షాపుని ఫాలో కాని ఇంకో ఫోన్ తీసుకుని ఆ మాటలన్నీ ఒక్కొక్కటిగా కామెంట్ పెట్టండి. ఫాలో కానివాళ్లకి మెసేజ్ Message requests లోకి పోతుంది, కంటపడదు. కాబట్టి కామెంట్ కిందే "రిక్వెస్టుల్లో చూడండి" అని జవాబు పడేలా అడగండి. అసలేమీ రాకపోతే సెట్టింగ్స్‌లో Allow access to messages ఆన్‌లో ఉందేమో చూడండి. లింక్ కూడా ఆ ఫోన్‌లోనే తెరవండి. గూగుల్ డ్రైవ్ ఫైల్ Restricted లో ఉంటే "You need access" అని వస్తుంది. దాన్ని Anyone with the link కి మార్చాలి. ఫైల్ మీ డ్రైవ్‌లోనే ఉండాలి, అమ్మినవాళ్ల డ్రైవ్‌లో కాదు. వాళ్లు తీసేసిన రోజు మీ గైడ్ కూడా పోతుంది.

పాస్‌వర్డ్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రోజే మార్చండి. Where you're logged in తెరిచి మీవి కాని ఫోన్లన్నిటినీ లాగౌట్ చేసి, ఆ వెంటనే Two-factor authentication ఆన్ చేయండి.