షేర్ ఆఫ్ వాయిస్ లెక్క: ప్రస్తావనలా, సెర్చ్‌లా? హైదరాబాద్ హలీమ్ సీజన్‌లో ఏది మేలు?

రంజాన్ అయిపోగానే హైదరాబాద్‌లో ప్రతి హలీమ్ బ్రాండ్ మార్కెటింగ్ టీమ్ టేబుల్ మీదికి ఏజెన్సీ రిపోర్ట్ ఒకటి వస్తుంది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో 'షేర్ ఆఫ్ వాయిస్ 40 శాతం, మీరే నంబర్ వన్' అని ఉంటుంది. యజమాని సంతోషిస్తాడు. కౌంటర్‌లో అమ్మకాలు మాత్రం ఆ మాటకు తగ్గట్టు ఉండవు. తేడా ఎక్కడొస్తుందో తెలియాలంటే ఆ 40 శాతాన్ని దేన్ని లెక్కపెట్టి తెచ్చారో చూడాలి.

షేర్ ఆఫ్ వాయిస్ అనేది మొదట యాడ్ ఖర్చుకు సంబంధించిన లెక్క. ఆ కేటగిరీలో అందరూ కలిసి పెట్టిన ఖర్చులో మన వాటా ఎంత అన్నదే దాని అర్థం. టీవీలో యాడ్‌లు వేసే పెద్ద కంపెనీలకు అది ఇప్పటికీ పనికొస్తుంది, ఏ టీవీ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగ్‌లు ఉంటాయి కాబట్టి. నగరంలో ఆరేడు ఔట్‌లెట్లున్న హోటల్‌కు అది కుదరదు. పోటీదారు మెట్రో పిల్లర్ల మీది బోర్డులకు ఎంత పెట్టాడో మనకు ఎవరూ చెప్పరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్‌లు చూపించే మెటా యాడ్ లైబ్రరీలో వాళ్ల యాడ్‌లు కనిపిస్తాయి కానీ, మన దేశంలో మామూలు వ్యాపార యాడ్‌లకు అక్కడ ఖర్చు చూపించరు. కాబట్టి మిగిలేవి రెండు దారులు: సోషల్ మీడియాలో ప్రస్తావనల వాటా, గూగుల్‌లో సెర్చ్‌ల వాటా. రెండోదాన్ని షేర్ ఆఫ్ సెర్చ్ అంటారు. 2020 ప్రాంతంలో లెస్ బినె, జేమ్స్ హాంకిన్స్ వంటి మార్కెటింగ్ నిపుణులు దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు.

లెక్క చేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి, చిక్కులు మాత్రం నిజంగా ఎదురయ్యేవే. మన బ్రాండ్ ఒకటి, పోటీదారులు ముగ్గురు: క, గ, చ. రంజాన్ నెలలో, సోషల్ మీడియాలో బ్రాండ్ పేరు ఎక్కడ వచ్చినా ఏరి తెచ్చే సోషల్ లిజనింగ్ టూల్ తెచ్చిన ప్రస్తావనలు మనకు 2,400, క-కు 1,800, గ-కు 1,200, చ-కు 600. మొత్తం 6,000. అందులో మన వాటా 40 శాతం. రిపోర్ట్‌లో పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇదే.

ఇప్పుడు ఒక్కో బ్రాండ్ నుంచి ర్యాండమ్‌గా 200 పోస్టులు తీసి ఒక మనిషి కూర్చుని చదవాలి. నలుగురికీ కలిపి 200 తీస్తే సరిపోదు. ఒక్కో పేరుకు చెత్త ఒక్కో రకంగా చేరుతుంది, అందుకే ఎవరి శాంపిల్ వాళ్లకు కావాలి. మన 2,400లో సుమారు 1,300 'ముగ్గురు ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి, ఫ్యామిలీ ప్యాక్ గెలవండి' పోటీ కింద పడ్డ కామెంట్లని తేలుతుంది. ఇంకో 150 మన సొంత పేజీ పోస్టులు, మనం డబ్బిచ్చి చేయించుకున్న రీల్స్. మిగిలేవి 950. క-ది వేరే కథ. పేరు మామూలు మాట కావడంతో 700 ప్రస్తావనలకు హోటల్‌తో సంబంధమే లేదు. ఈ బాధ మన ఊళ్లో ఎక్కువే. ప్యారడైజ్ అంటే హోటలూ కావచ్చు, సికింద్రాబాద్ సర్కిలూ కావచ్చు, మెట్రో స్టేషనూ కావచ్చు, ఆ పేరుతో ఉన్న నాని సినిమా కూడా కావచ్చు. బావర్చి అన్న పేరుతో ఎన్ని బోర్డులున్నాయో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి ఊరి చివరిదాకా వెళ్లినవాళ్లకు తెలుసు. అవన్నీ తీసేస్తే క-కు 1,100 మిగులుతాయి. గ-కు 1,100, చ-కు 550. కొత్త మొత్తం 3,700. మన వాటా 26 శాతానికి పడిపోయింది. క, గ చెరి 30 దగ్గర నిలిచారు. నంబర్ వన్ అనుకున్న మనం మూడో స్థానంలో ఉన్నాం.

200 పోస్టుల శాంపిల్ కూడా అచ్చుగుద్దినట్టు చెప్పదని గుర్తుంచుకోవాలి. అందులో 60 శాతం పనికొచ్చేవి అని తేలితే, అసలు సంఖ్య అటూ ఇటూ ఏడు పాయింట్ల దాకా ఉండొచ్చు. కాబట్టి క-కూ గ-కూ మధ్య ఒకటి రెండు శాతం తేడా వస్తే దాని మీద మీటింగ్ పెట్టడం దండగ.

ఒక్కో పోస్టు మెచ్చుకోలా, తిట్టా అని టూల్ చెప్పే సెంటిమెంట్ కాలమ్‌ను నమ్మడం ఇంకా ప్రమాదం. 'హలీమ్ మామూలుగా లేదు భయ్యా' అంటే మెచ్చుకోలు, టూల్ 'లేదు' చూసి నెగెటివ్‌లో వేస్తుంది. 'నక్కో రే, ఈసారి ఘీ తగ్గించిన్రు' అన్న దక్కనీ-తెలంగాణ కలగలుపు తిట్టును న్యూట్రల్‌లో పడేస్తుంది. హలీమ్ గురించి జనం తెలుగు లిపిలో, ఉర్దూలో, ఇంగ్లీషు అక్షరాల్లో, హిందీలో రాస్తారు. ఏజెన్సీ పెట్టిన కీవర్డ్ లిస్ట్‌లో ఒక్క ఇంగ్లీషు స్పెల్లింగే ఉంటే, పాతబస్తీ మాట్లాడేదంతా జారిపోయినట్టే. ఇక వాట్సాప్ గ్రూపుల్లో నడిచే 'ఎక్కడ బాగుంది' చర్చ ఏ టూల్‌కూ చిక్కదు. బయటి టూల్స్ పోస్టులు తీసుకునే దారైన ఏపీఐని ట్విట్టర్ 2023లో ఉచితంగా ఇవ్వడం ఆపింది, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులను గమనించడానికి వాడే క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టులో మెటా మూసేసింది. టూల్స్‌కు చూడగలిగే చోటు తగ్గుతూనే ఉంది.

సెర్చ్ వైపు వద్దాం. గూగుల్ కీవర్డ్ ప్లానర్‌లో లొకేషన్ హైదరాబాద్ అని పెట్టి, ఒక్కో బ్రాండ్ పేరుకు నెలవారీ సెర్చ్‌లు తీస్తే మనకు 8,100, క-కు 14,800, గ-కు 12,100, చ-కు 5,400 వచ్చాయనుకుందాం. మొత్తం 40,400. మన వాటా 20 శాతం, క 37, గ 30, చ 13. క విషయంలో ఒట్టి పేరు తీసుకోకుండా హలీమ్, బిర్యానీ, మెనూ, 'నియర్ మీ' కలిసిన సెర్చ్‌లే కూడాలి. మరి మనకూ అదే పద్ధతి పాటించాలి. వాళ్లకో కొలత, మనకో కొలత వాడితే శాతాలకు అర్థం ఉండదు.

ఈ అంకెల్లో ఒక మెలిక ఉంది. ప్లానర్ అసలు సంఖ్య ఇవ్వదు, మెట్లుగా ఇస్తుంది: 6,600 తర్వాత 8,100, ఆ తర్వాత 9,900, 12,100, 14,800. ఒక్కో మెట్టుకు దాదాపు 20 శాతం తేడా. అందుకే మన సెర్చ్‌లు కాస్త పెరిగి మెట్టు దాటితే 8,100 కాస్తా 9,900 అయి, వాటా 20 నుంచి 23 దాటినట్టు కనిపిస్తుంది. నిజంగా పెరిగింది కొంచెమే. యాడ్‌లకు ఖర్చు పెట్టని అకౌంట్‌కైతే ఆ మెట్లు కూడా ఇవ్వదు, 1 వేయి నుంచి 10 వేల మధ్య అన్నట్టు వదిలేస్తుంది.

అందుకే వాటా ఎంత అన్నది ప్లానర్‌లో చూసి, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది గూగుల్ ట్రెండ్స్‌లో చూడాలి. ట్రెండ్స్ ఒకసారికి కొన్ని పేర్లే తీసుకుంటుంది. అంతకంటే ఎక్కువ పోటీదారులుంటే ఒక బ్రాండ్‌ను ప్రతి సెట్‌లోనూ ఉంచి, దాన్ని ఆధారం చేసుకుని మిగతావాటిని సరిచూడాలి. రీజియన్ తెలంగాణ అని పెట్టండి. ట్రెండ్స్ తప్పు స్పెల్లింగ్‌లను తనంతట తాను కలపదు, మనమే కూడిక గుర్తుతో కలపాలి:

```
shah ghouse + shah gouse + shahghouse
```

ట్రెండ్స్ శాంపిల్ మీద నడుస్తుంది. చిన్న పేర్లకు ఈరోజు తీసిన గ్రాఫ్, మూడు రోజుల తర్వాత తీసిన గ్రాఫ్ ఒకేలా ఉండవు. నాలుగైదు రోజులు తీసి సగటు వేస్తే గ్రాఫ్ నిలకడగా కనిపిస్తుంది. గ్రాఫ్ సున్నాకు తగిలితే సెర్చ్‌లే లేవని కాదు, చూపించేంత లేవని అర్థం.

హలీమ్ విషయంలో క్యాలెండర్ పొరపాటు అన్నిటికంటే పెద్దది. 2024లో రంజాన్ మార్చి 12న మొదలైంది, 2025లో మార్చి 2న. అంటే 2024 మార్చిలో 20 రోజాలున్నాయి, 2025 మార్చిలో రంజాన్ మొత్తం ఉంది. మార్చిని మార్చితో పోలిస్తే హలీమ్ మీద బతికే బ్రాండ్ వాటా గంతేసినట్టు, బిర్యానీ బ్రాండ్ వాటా పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజంగా మారింది నెలవంక తేదీ ఒక్కటే. మొదటి పది రోజాలను నిరుటి మొదటి పది రోజాలతోనే పోల్చాలి.

సెర్చ్ లెక్కకూ గుడ్డిమచ్చలున్నాయి. స్విగ్గీ, జొమాటోల లోపల జనం ఏం వెతికారో గూగుల్‌కు తెలియదు. ఇంట్లో కూర్చుని ఆర్డర్ పెట్టే గచ్చిబౌలి కస్టమర్ ఈ లెక్కలో దాదాపు కనిపించడు. ఔట్‌లెట్లు ఎక్కువున్న బ్రాండ్‌కు దారి, టైమింగ్స్, ఫోన్ నంబర్ కోసం సెర్చ్‌లు ఊరికే పెరుగుతాయి. చెడ్డ వార్త వచ్చినా సెర్చ్ పెరుగుతుంది. 2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ టాస్క్‌ఫోర్స్ హోటళ్లలో తనిఖీలు చేసి వివరాలు ఎక్స్‌లో పెట్టింది. అలాంటి పోస్టులో పేరు పడిన హోటల్‌కు ప్రస్తావనలు, సెర్చ్‌లు రెండూ ఎగబాకుతాయి. అలాంటి వారం వస్తే ట్రెండ్స్‌లో 'రిలేటెడ్ క్వెరీస్' కింద 'రైజింగ్' చూడండి. బ్రాండ్ పేరు పక్కన రెయిడ్, న్యూస్ లాంటి మాటలుంటే ఆ వారాన్ని వాటాలోంచి తీసి విడిగా రాసుకోవాలి.

ఇంతకీ ఏది మేలు? నెలనెలా యజమానికి చూపించే అంకె ఒక్కటే కావాలంటే సెర్చ్ వాటాకే ఓటు. గివ్‌అవేతో దాన్ని పెంచడం కష్టం, కామెంట్ పెట్టినవాళ్లలో చాలామంది తర్వాత పేరు వెతకరు. ఖర్చూ తక్కువ, ప్లానర్‌కు యాడ్‌లు నడుస్తున్న మామూలు అకౌంట్ చాలు, ట్రెండ్స్ ఉచితం. ప్రస్తావనలు శుభ్రం చేయడానికి నాలుగు బ్రాండ్లకు 800 పోస్టులు చదవాలి, ఒక మనిషికి రెండు రోజుల పని. అయితే 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు ప్రస్తావనల్లోనే దొరుకుతుంది. ఘీ తగ్గిందా, పార్సిల్ చల్లగా వస్తోందా, క్యూ ఎక్కువా అన్నది సెర్చ్ చెప్పదు. కాబట్టి ఆ చదువుడు సీజన్‌కు ఒకసారి చేస్తే చాలు. రెండింటినీ కలిపి సగటు వేసి 'కాంపోజిట్ స్కోర్' అని ఇచ్చే ఏజెన్సీలున్నాయి. అది వద్దని చెప్పండి, ఎందుకంటే రెండింటి మధ్య తేడాలోనే అసలు కబురు ఉంటుంది.

మన ఉదాహరణలో చూడండి. శుభ్రం చేశాక ప్రస్తావనల్లో 26, సెర్చ్‌లో 20. మన గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు, వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆ దామాషాలో లేరు. ముందు చూడాల్సింది రీల్స్‌లో ఔట్‌లెట్ పేరు, ఏరియా స్పష్టంగా ఉన్నాయా అని, పేరు జనం టైప్ చేయగలిగేలా ఉందా అని. క-ది తలకిందులు: మాటల్లో 30, వెతుకులాటలో 37. పాత కస్టమర్ల అలవాటు, ఔట్‌లెట్ల సంఖ్య వాళ్లను మోస్తున్నాయి. వాళ్ల సోషల్ పేజీని చూసి కాపీ కొట్టడం వల్ల మనకు ఒరిగేది ఏమీ లేదు.

ఒక్క మినహాయింపు. కొత్తగా తెరిచిన ఒకే ఔట్‌లెట్ అయితే, ప్లానర్‌లో నెలకు రెండు మూడు వందల సెర్చ్‌లు దాటకపోతే, ట్రెండ్స్ గ్రాఫ్ సున్నా మీదే పడుకుని ఉంటే, సెర్చ్ వాటా పనిచేయదు. అక్కడ శుభ్రం చేసిన ప్రస్తావనలే దిక్కు. వాటిని కూడా నగరం మొత్తంతో కాకుండా, మీ వీధికి మూడు నాలుగు కిలోమీటర్ల లోపలున్న పోటీదారులతోనే పోల్చుకోండి.