సంతకం తెమ్మనాలా, వద్దంటేనే చెప్పమనాలా? బడిపిల్లల సర్వేకి ఏది మేలు?

గుంటూరులో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను గుట్కా, ఖైనీ, సిగరెట్ల గురించి అడిగే సర్వే ఒకటి మా విద్యార్థిని థీసిస్‌గా పెట్టుకుంది. ఎథిక్స్ కమిటీకి ఇవ్వాల్సిన దరఖాస్తు నా టేబుల్ మీదికి వచ్చింది. ప్రశ్నావళి చాలావరకు బాగానే ఉంది. మొదటి పేచీ తల్లిదండ్రుల అనుమతి దగ్గర. ఆ అమ్మాయి రాసింది ఇది: ‘ఉత్తరం ఇంటికి పంపుతాం. ఇష్టం లేనివాళ్లు వారంలోగా సంతకం చేసి పంపాలి. పంపకపోతే ఒప్పుకున్నట్టే.’

దీనికి ఎదురు పద్ధతి, సరే అని సంతకం చేసిన కాగితం వెనక్కి వస్తేనే బిడ్డను సర్వేలో కూర్చోబెట్టడం.

ఆ అమ్మాయి వాదన తీసిపారేసేది కాదు. నలభై రెండు మంది ఉన్న ఒక సెక్షన్ అనుకుందాం. సంతకం తెమ్మంటే వారంలో ఇరవై నాలుగు కాగితాలు వస్తే గొప్ప. రాని పద్దెనిమిది మంది ఎవరు? తరచూ బడి ఎగ్గొట్టేవాళ్లు, ఇంట్లో పట్టించుకునే మనిషి లేనివాళ్లు. గుట్కా ప్రశ్న అసలు ఎవరి కోసమో వాళ్లే జారిపోతారు. మిగిలిన ఇరవై నలుగురి లెక్క చూసి ‘మా బడిలో ఈ అలవాటు తక్కువే’ అని రాస్తే అది అబద్ధమే అవుతుంది. వద్దంటేనే చెప్పమనే పద్ధతిలో రెండు కాగితాలు తిరిగొస్తాయి, నలభై మంది కూర్చుంటారు.

అయితే ఆ నలభైలో ఎన్ని ఉత్తరాలు ఇల్లు చేరాయి? సగం బ్యాగు అడుగున నలిగి ఉంటాయి. మిర్చి సీజన్‌లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లిన తల్లి చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. చదవడం రాని మనిషికి ఆ ఉత్తరం చదివి వినిపించేది ఎవరు? ఆ బిడ్డే. ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టు కాదు, ఆమెకు సంగతే తెలియదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు పిల్లల మీద పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతి, పైగా బిడ్డ సొంత ఒప్పుకోలు, అంటే అసెంట్, రెండూ అడుగుతాయి. పన్నెండు దాటిన పిల్లల అసెంట్ రాతలో ఉండాలి. డీఈవో ఉత్తర్వు, హెడ్మాస్టర్ సంతకం బడి గేటు తీస్తాయంతే. అవి తల్లిదండ్రుల మాటకు బదులు కావు. కొత్తగా దరఖాస్తు రాసేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

నా ఓటు సంతకానికే. కాకపోతే సంతకం రాకపోవడానికి సగం కారణం మన కాగితమే. దరఖాస్తులో మొదట ఇలా ఉంది: ‘ఈ అధ్యయనమునందు పాల్గొనుట పూర్తిగా స్వచ్ఛందము.’ దాన్ని కొట్టేసి ఇలా రాయించాను: ‘మీ అబ్బాయి ఈ కాగితం నింపకపోయినా మార్కులు తగ్గవు, టీచర్లు ఏమీ అనరు. నింపుతూ మధ్యలో ఆపేయవచ్చు.’ ఇదివరకు ఒక సర్వే కోసం పేరెంట్స్ మీటింగుకి వెళ్లినప్పుడు ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: “పేరు రాస్తారా అమ్మా అందులో?” సమాచార పత్రంలో మొదటి పేరా ఆ ప్రశ్నకే జవాబు కావాలి. ఐదో పేజీలో కాదు.

కాగితం మీద ‘సరే’, ‘వద్దు’ రెండు గళ్లూ పెట్టాం. లేకపోతే వద్దన్నవాళ్లెవరో, కాగితం అందనివాళ్లెవరో తేలదు. ఏది టిక్ చేసినా సరే, కాగితం తెచ్చిన ప్రతి పిల్లాడికీ ఒక పెన్ను. రెండో వారం మళ్లీ ఒక కాపీ, పేరెంట్స్ మీటింగు రోజు ఒక టేబుల్, రెండు సాయంత్రాలు ఇళ్లకు వెళ్లడం. అప్పటికీ రానివాళ్లను వదిలేసి, ఎంతమంది మిగిలారో థీసిస్‌లో చెప్పాలి. వేలిముద్ర వేసే తల్లిదండ్రులకు కాగితం చదివి వినిపించాలి, పక్కన ఒక సాక్షి సంతకం చేయాలి. ఆ సాక్షి మా టీమ్ మనిషి కాకూడదు. క్లాస్ టీచర్ కూడా వద్దన్నాను, టీచర్ ఎదురుగా ఉంటే ఏ తల్లి ‘వద్దు’ అంటుంది?

దొంగ సంతకాలు కూడా వస్తాయి. వెనక బెంచీ నుంచి వచ్చిన ఏడు కాగితాల్లో ఏడుగురు నాన్నలు ఒకే నీలం జెల్ పెన్నుతో, ఒకే వంపుతో సంతకం చేశారంటే విషయం అర్థమవుతుంది. అలాంటివి పక్కన పెట్టి ఇంటికి వెళ్లి అడగాలి. హెడ్మాస్టర్‌కి మాత్రం చెప్పకూడదు, సర్వే పేరుతో పిల్లలకు దెబ్బలు పడతాయి.

రెండో పేచీ గోప్యత. అసలు పేరే లేని కాగితమా, కోడ్ నంబరు ఉన్న కాగితమా? అమ్మాయి రెండూ కలిపేసింది: ‘వివరాలు అనామకంగా ఉంటాయి’ అని ఒక పేజీలో, ‘రోల్ నంబరు ఆధారంగా కోడ్ ఇస్తాం’ అని ఇంకో పేజీలో. ఏ కమిటీ అయినా దీన్ని వెనక్కి పంపుతుంది. ఏ కాగితం ఎవరిదో పట్టుకోగలిగే ఆధారం ఎక్కడైనా ఉంటే అది అనామకం కాదు.

ఆరు నెలల తర్వాత అదే పిల్లలను మళ్లీ అడిగేట్టయితే కోడ్ తప్పదు. పేర్ల పట్టీ ఒక బీరువాలో, జవాబులు ఇంకోచోట ఉండాలి. మాది ఒక్కసారి అడిగే సర్వే, అందుకే పేరు లేని కాగితమే మేలన్నాను. సమ్మతి పత్రాలు వేరే పెట్టెలో, వాటి మీద ఏ నంబరూ ఉండదు. పిల్లవాడే కాగితం మడిచి కవర్లో అంటించి డబ్బాలో వేస్తాడు. టీచర్ గది బయట ఉంటారు, చేతిరాత చూస్తే వాళ్లు ఇట్టే గుర్తుపడతారు కనుక టిక్కులు తప్ప రాత వద్దు. సర్వేలో లేని పిల్లలకు అదే రంగు కవర్లో పదాల పజిల్ ఇస్తాం, ఎవరు నింపారో ఎవరు నింపలేదో పక్కవాడికి తెలియకుండా.

దీనికి ఒక నష్టం ఉంది. కవరు డబ్బాలో పడ్డాక ‘నాది తీసేయండి’ అంటే తీయలేం. ఆ మాట సమాచార పత్రంలో ముందే రాయాలి. ఇంకొకటి, వయసు, కులం, తండ్రి పని, సెక్షన్ అన్నీ అడిగితే పేరు లేకపోయినా మనిషి దొరికిపోతాడు. తొమ్మిదో తరగతి ‘బి’లో తండ్రి ఆర్టీసీ డ్రైవరైన పదహారేళ్ల అబ్బాయి ఒక్కడే ఉంటాడు. కులం, సెక్షన్ తీయించేశాను, తండ్రి పనిని మూడు పెద్ద గళ్లకు కుదించాం.

చివర ఒక ప్రశ్న మిగిలింది: ‘నిన్ను ఎవరైనా ఇబ్బంది కలిగేలా తాకారా?’ పొగాకు సర్వేలో ఇదెందుకంటే, ఏదో విదేశీ ప్రశ్నావళిలో ఉందట. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. పేరు లేని కాగితంలో ఒక బిడ్డ ‘అవును’ అని టిక్ చేస్తే, ఆ బిడ్డ ఎవరో మాకు తెలియదు, సాయం చేయలేం. కోడ్ పెడితే ‘ఎవరికీ చెప్పం’ అన్న మాట నిలబెట్టుకోలేం, ఆ సంగతి అసెంట్ పత్రంలో ముందే చెప్పాలి. ఆ ప్రశ్న అడగాలంటే సర్వే వేరే, అక్కడే కూర్చునే కౌన్సెలర్ వేరే, డిజైన్ వేరే. అమ్మాయి కాసేపు వాదించి ఆ ప్రశ్న కొట్టేసింది. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 ఉన్న చీటీ మాత్రం ప్రతి కవర్లోనూ పెడతామంది, పజిల్ కవర్లలో కూడా.