మొత్తం ఆపాలా, మంచి వరుసలు ఎక్కించాలా?

కస్టమర్ల ఎక్సెల్ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేసి వెబ్ యాప్‌లోకి ఎక్కించేటప్పుడు, ఒక్క తప్పు కనబడినా మొత్తం ఫైలును తిప్పి పంపడం ఒక పద్ధతి. సరైన వరుసలను చేర్చుకొని, తప్పు వరుసలను కారణంతో సహా తిరిగి ఇవ్వడం రెండవది. మొదటిదానిలో డేటా సగం చేరి సగం ఆగడం ఉండదు గానీ, 2,000 వరుసలలో మూడింటి కోసం మిగిలినవన్నీ ఆగిపోతాయి. పన్నెండు అంకెల ఫోన్ నంబరు సీఎస్‌వీలో `9.19848E+11`గా మారి ఉంటే, పోయిన అంకెలు ఆ ఫైలులో ఎక్కడా ఉండవు కనుక, అసలు షీటులో ఆ నిలువు వరుస ఫార్మాట్‌ను `0`గా మార్చి మళ్లీ సేవ్ చేసేదాకా వేచి ఉండక తప్పదు.

అందుకే నేను రెండవదానినే ఎంచుకుంటాను. అయితే చాలామంది సరిదిద్దిన పూర్తి ఫైలునే మళ్లీ ఎక్కిస్తారు కనుక, కస్టమర్ కోడ్ ఆధారంగా పాత వరుసను గుర్తించకపోతే 1,997 పేర్లు రెండేసి సార్లు చేరతాయి. నివేదికలో చూపే వరుస సంఖ్య కూడా షీటులో కనిపించేదే కావాలి. చిరునామా గడిలో ఎంటర్ కొట్టి ఉంటే, ఫైలు పంక్తులను లెక్కించే కోడ్ మరొకరి వరుసను చూపుతుంది.