స్ప్రెడ్‌షీట్‌లో మార్కుల రీటోటలింగ్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఆరేళ్లుగా మార్కులన్నీ స్ప్రెడ్‌షీట్‌లోనే కూడుతున్నాను. మొదటి రెండేళ్లు దాన్ని పూర్తిగా నమ్మాను. ఇప్పుడూ వాడుతున్నాను, కానీ కూడే ముందు ఒక పని చేయకుండా ఏ మొత్తాన్నీ నమ్మను. ఆ పని నాకు నేర్పింది 17వ నంబరు విద్యార్థిని.

42 మంది, 120 మార్కుల పేపరు. మొదటి సెక్షన్‌లో 5 మార్కుల ప్రశ్నలు నాలుగు, రెండో దాంట్లో 8 మార్కులవి ఐదు, మూడో దాంట్లో 10 మార్కులవి ఆరు. అంటే ఒక్కొక్కరికి 15 గడులు. ఫలితాలు ఇచ్చిన మర్నాడు ఆ అమ్మాయి జవాబు పత్రం పట్టుకుని వచ్చింది. "సార్, పేపరు మీద 90 ఉంది, లిస్టులో 86 పడింది" అంది. నేను షీటు తెరిచి అడ్డంగా, నిలువుగా రెండు వైపులా కూడి చూపించాను. ఒక్కో విద్యార్థి మొత్తాలన్నీ కలిపినా, ఒక్కో ప్రశ్న మొత్తాలన్నీ కలిపినా ఒకటే సంఖ్య వచ్చింది. షీటు సరిగ్గానే ఉందనుకున్నాను. అమ్మాయి చెప్పిందే నిజం.

రెండో సెక్షన్‌లో ఆమెకు 7, 6, 8, 4, 6 వచ్చాయి. మొత్తం 31 రావాలి, షీటులో 27 ఉంది. ఆ 4 కంటికి అంకెలానే కనిపిస్తుంది, కానీ షీటు దాన్ని అక్షరంగా దాచుకుంది. ఎవరో పంపిన మెసేజ్ నుంచి కాపీ చేసి పెట్టిన గడి అది. అక్షరంగా ఉన్నదాన్ని SUM ఏ హెచ్చరికా లేకుండా వదిలేస్తుంది. అడ్డంగా కూడినప్పుడూ వదిలేసింది, నిలువుగా కూడినప్పుడూ వదిలేసింది. అందుకే రెండూ కలిశాయి. మామూలుగా అక్షరాలు గడిలో ఎడమకు, అంకెలు కుడికి జరిగి ఉంటాయి. అందంగా ఉండాలని నేను అన్నిటినీ మధ్యకు తెచ్చాను కాబట్టి ఆ గుర్తు కూడా పోయింది.

అందుకే ఇప్పుడు కూడే ముందు, షీటు అంకెలుగా గుర్తించిన గడులు ఎన్నో లెక్కపెడతాను.

```
=COUNT(B2:P43)
```

42 మందికి 15 చొప్పున 630 రావాలి. ఆ రోజు ఇదే వేసి ఉంటే 629 వచ్చేది. ఇది పనిచేయాలంటే రాయని ప్రశ్నకు గడి ఖాళీగా వదలకుండా 0 వేయాలి. తప్పు గడి దొరికాక దాని ఫార్మాట్‌ను నంబర్‌గా మారిస్తే సరిపోదు, ముందు అలా మార్చి అంకెను మళ్లీ టైప్ చేయాలి.

ఆ నాలుగు మార్కులు ఆమె దగ్గరే ఆగలేదు. 86 అంటే 71.67 శాతం, బీ గ్రేడ్. 90 అంటే సరిగ్గా 75, ఏ గ్రేడ్ మొదలయ్యే చోటు. గ్రేడ్ ఫార్ములాలో >= బదులు > అని ఉండి ఉంటే ఆ 75 మళ్లీ బీలోనే పడేది. ర్యాంకు తొమ్మిది నుంచి ఆరుకు వచ్చింది. అప్పటికే ఆరులో 90తో ఒకరున్నారు కాబట్టి ఇద్దరికీ ఆరు, ఏడో ర్యాంకు ఎవరికీ లేదు. 89.5తో ఏడులో ఉన్నవాడు ఎనిమిదికి, 88తో ఎనిమిదిలో ఉన్నవాడు తొమ్మిదికి దిగారు. తమ మార్కుల్లో ఏ మార్పూ లేకుండా ర్యాంకు పోయిన ఆ ఇద్దరికీ కారణం చెప్పడమే నాకు అన్నిటికంటే కష్టమైంది.

89.5 వచ్చిన అబ్బాయిది ఇంకో చిక్కు. అతని శాతం 74.58. షీటులో దశాంశాలు కనపడకుండా పెట్టాను కాబట్టి 75 అని చూపించి, పక్కనే బీ అని ఇచ్చింది. ఎవరు చూసినా షీటు తప్పనే అంటారు. చూపించేది ఒకటి, లెక్కలోకి తీసుకునేది ఒకటి అయితే ఇంతే. పై అంకెకు సవరించాలా వద్దా అన్నది పరీక్షకు ముందే తేల్చుకోవాలి. నేను సవరించను, రెండు దశాంశాలు చూపిస్తాను. ర్యాంకు మాత్రం శాతం మీద కాకుండా మొత్తం మీదే వేస్తాను.

```
=RANK(T2,$T$2:$T$43)
```

ఆ డాలరు గుర్తులు లేకుండా కిందికి లాగితే పరిధి కూడా జారిపోతుంది. చివరి విద్యార్థికి ఒకటో ర్యాంకు వచ్చిందంటే జరిగింది అదే.

స్ప్రెడ్‌షీట్ చేయలేనిది ఒకటుంది. పేపరు మీది 7ను నేను 1గా చదివి ఎక్కిస్తే లెక్క 630 అనే వస్తుంది, మొత్తాలూ కలుస్తాయి. దానికోసం సెక్షన్ మొత్తాలను మాత్రం ఇప్పటికీ పేపరు మీదే మళ్లీ కూడుతున్నాం. తోటి టీచర్ ప్రశ్నల వారీ మార్కులు చదువుతారు, పాత మొత్తం చూడకుండా నేను కూడతాను, ఆ తర్వాతే షీటుతో సరిచూస్తాం. 42 పేపర్లకు గంటకు పైనే పడుతుంది. ఆ గంటను నేను తగ్గించుకోలేదు.