స్విచ్ వేయగానే గరగర: ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ను కొన్నేళ్లు వాడిన తరువాత

ఈ రకం ప్రింటర్‌లో పేజీకి ఎంత ఖర్చవుతుందో, రంగులు ఎలా వస్తాయో అందరికీ తెలిసిందే కనుక వాటి జోలికి పోవడం లేదు. విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఉన్న మా డీటీపీ దుకాణంలో కొన్నేళ్లుగా దీన్ని రోజూ వాడుతున్నాను. నేను రాయదలచినది ఒక్కటే విషయం: స్విచ్ వేయగానే ఇది చేసిన చప్పుడు, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చూడకుండానే మొత్తం యంత్రాన్ని మార్చమని నాకు ఇచ్చిన సలహా. ఆ సలహా మీద కోపం నాకు ఇంకా చల్లారలేదు.

కొన్న కొత్తలో ఇది చాలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా పనిచేస్తుందని తెలిసినవారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకుని, లోపల శుభ్రంగా ఉన్నంతకాలం చప్పుడు చేయదని చెప్పవలసి ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న ప్రింటర్ కూడా ఆన్ చేసినప్పుడు కొంత చప్పుడు చేస్తుంది. హెడ్‌ను మోసుకుని తిరిగే క్యారేజ్ కుడి చివర ఉన్న తన చోటునుంచి కదిలి, కడ్డీ మీద అటూ ఇటూ ఒకసారి తిరిగి వస్తుంది. కాగితాన్ని లాగే రోలర్లు తిరుగుతాయి, హెడ్ కింద ఉన్న చిన్న పంపు కాసేపు గుర్రుమంటుంది. ఒకరోజు ఉదయం మా ప్రింటర్‌లో ఈ వరుస తప్పింది. క్యారేజ్ మామూలుగానే బయలుదేరి, ఎడమ చివర ఆగవలసిన చోట ఆగకుండా పక్క గోడను ఠక్కున గుద్దుకుంది. మోటారు మాత్రం ఇంకా లాగుతూనే ఉండడంతో బెల్టు పళ్లు మోటారు పినియన్ మీద జారి, గరగరమని వినలేనంత చప్పుడు వచ్చింది. ఆ వెంటనే లైట్లన్నీ మిణుకుమిణుకుమంటూ యంత్రం ఆగిపోయింది.

సర్వీసు చేసే చోటికి తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు ఒకసారి స్విచ్ వేసి, ఆ చప్పుడు విని, మూత కూడా తీయకుండానే, "బోర్డు పోయిందండి, మోటారు కూడా పోయినట్టే ఉంది. బాగుచేయించడం కన్నా కొత్తది తీసుకోవడమే మీకు నయం" అన్నాడు. నేను ప్రింటర్‌ను వెనక్కి తెచ్చుకున్నాను.

గరగర చప్పుడుకు కారణం వెతికేటప్పుడు అది ఏ క్షణంలో, క్యారేజ్ ఎక్కడ ఉండగా వస్తోందో చూడాలి. క్యారేజ్ తన చోటునుంచి అసలు కదలకుండా మోటారు మాత్రమే మూలుగుతుంటే, కుడి చివర దాన్ని పట్టి ఉంచే తాళం గడ్డకట్టిన ఇంకు వల్ల విడవడం లేదని అనుమానించాలి. ప్రతిసారీ మధ్యలో ఒకే చోట ఆగిపోతుంటే ఏదో అడ్డు ఉందన్నమాట: కాగితపు ముక్క కావచ్చు, స్టేప్లర్ పిన్ను కావచ్చు, క్లిప్పు నుంచి ఊడి పైకి లేచిన ఇంకు గొట్టం కావచ్చు. అలా కాక, అడ్డు లేకుండా పరుగెత్తి చివర గోడను గుద్దుకుంటే, తాను ఎక్కడ ఉన్నదీ క్యారేజ్‌కు తెలియడం లేదని మొదట అనుకోవాలి.

మా ప్రింటర్‌ది ఈ మూడో రకం. అయినా నిర్ధారించుకోవడానికి, క్యారేజ్ మధ్యలోకి వచ్చిన సమయంలో ప్లగ్గు తీసేశాను. అప్పుడు తాళం పడదు కాబట్టి క్యారేజ్‌ను చేత్తో మెల్లగా జరపవచ్చు. కుడి చివర తాళం పడి ఉన్నప్పుడు మాత్రం బలవంతంగా లాగకూడదు. హెడ్ ఆరిపోతుంది కనుక ఎక్కువసేపు అలా మధ్యలో వదిలేయడం కూడా మంచిది కాదు. జరిపి చూస్తే క్యారేజ్ ఈ చివరనుంచి ఆ చివరకు ఎక్కడా పట్టకుండా సాఫీగా నడిచింది, బెల్టు బిగువుగా ఉంది, పళ్లు అరగలేదు. అంటే కడ్డీలోనూ బెల్టులోనూ దోషం లేదు.

మిగిలింది ఎన్‌కోడర్ స్ట్రిప్. క్యారేజ్ వెనుక ఈ చివరనుంచి ఆ చివరకు బిగించి ఉండే సన్నని పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ అది. దాని మీద కంటికి బూడిదరంగు పూతలా కనిపించేది నిజానికి దగ్గరదగ్గరగా ముద్రించిన నిలువు గీతలు. క్యారేజ్ వెనుక ఉన్న చిన్న సెన్సర్ ఈ పట్టీకి రెండువైపులా ఉండి, గీతల మధ్యగా వచ్చే వెలుగును లెక్కపెడుతూ తాను ఎంత దూరం వచ్చిందో బోర్డుకు చెబుతుంది. టార్చి వేసి చూస్తే, ఎడమవైపు అంగుళం మేర ఆ పట్టీ మీద పసుపుపచ్చని గ్రీజు మరక మెరుస్తూ కనిపించింది. అంతకుముందు మామూలు సర్వీసుకు ఇచ్చినప్పుడు కడ్డీకి అవసరానికి మించి రాసిన గ్రీజు అది. అక్కడికి రాగానే సెన్సర్‌కు లెక్క తప్పి, ఇంకా దూరం ఉందనుకుని బోర్డు మోటారును నడిపిస్తూనే ఉంది.

ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి దుకాణాల్లో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో పీచు రాలని మెత్తని గుడ్డను తడిపి, బాగా పిండి, పట్టీకి వెనుకనుంచి వేలు ఆనించి నెమ్మదిగా తుడిచాను. జిడ్డు వదలకపోతే అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపి, తరువాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో తడిపిన గుడ్డతోనూ పొడి గుడ్డతోనూ మళ్లీ తుడవాలి. స్పిరిట్, థిన్నర్ వాడితే కొన్ని పట్టీల మీద గీతలే చెరిగిపోతాయి. పట్టీని లాగితే చివర ఉన్న స్ప్రింగు నుంచి ఊడుతుంది. తిరిగి తగిలించేటప్పుడు అది సెన్సర్ సందులోనుంచి కాక పక్కనుంచి పోతే, క్యారేజ్ మళ్లీ గోడనే గుద్దుకుంటుంది. తుడిచి స్విచ్ వేయగానే క్యారేజ్ చివరిదాకా వెళ్లి, ఆగవలసిన చోట ఆగి, నిశ్శబ్దంగా వెనక్కి వచ్చింది. పోయిందన్న బోర్డు, మోటారు ఈనాటికీ అవే పనిచేస్తున్నాయి.

ఆ తరువాత చాలాకాలానికి వచ్చిన టక్ టక్ చప్పుడు సంగతి వేరు. అది క్యారేజ్ తన చోటికి చేరి ఆగిన తరువాత, రోలర్లు తిరిగేటప్పుడు లెక్కగా వినిపించేది. కనుక క్యారేజ్‌ను వదిలి పక్క మూత తీసి, అక్కడ కనిపించే ప్రతి గేరు మీదా వైట్‌నర్‌తో ఒక చుక్క పెట్టి గమనించాను. షాఫ్టుకు బిగించిన చిన్న గేరు చుక్క పైకి వచ్చిన ప్రతిసారీ టక్‌మంటోంది. దానితో కలిసి తిరిగే పెద్ద గేరు అంతకు రెట్టింపు పళ్లు కలది కాబట్టి, దోషం పెద్దదానిలో ఉంటే చిన్నది రెండుసార్లు తిరిగితే గాని ఒక టక్ వచ్చేది కాదు. చిన్న గేరును తీసి వెలుగులో చూస్తే, రెండు పళ్ల మధ్యన వెంట్రుకవాసి పగులు షాఫ్టు రంధ్రం దాకా దిగి ఉంది. షాఫ్టు మీదికి బిగువుగా ఎక్కించే ప్లాస్టిక్ గేరు కొంతకాలానికి ఇలాగే పగులుతుంది. పగిలినచోట ఆ రెండు పళ్ల మధ్య ఎడం పెరిగి, ఎదుటి గేరు పన్ను సరిగా కూర్చోదు. జిగురు వేస్తే నాలుగు రోజులకు మించి ఆగలేదు. ఆ గేరును విడిగా అమ్మరట, మొత్తం అసెంబ్లీ కొనాలట. చివరకు విశాఖపట్నంలో పాత యంత్రాలు విప్పి అమ్మేచోట ఇదే మోడల్‌ది దొరికింది. కంపెనీ మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే.

ఇన్ని చెప్పినా, దరఖాస్తులు, ప్రశ్నపత్రాలు, ఆధార్ నకళ్లు వేసే మా పనికి ఈ ప్రింటర్ ఇప్పటికీ సరిపోతోంది. దీన్ని ఇన్వర్టర్ మీద ఉంచాను కనుక, కరెంటు పోయిన ప్రతిసారీ మొదటినుంచి లేచే అవస్థ దీనికి తప్పింది. ఆ వసతి లేనివారికి, మూత తీసి చూసే ఓపిక లేనివారికి, ఇంతకన్నా ఎక్కువ పని ఉన్నవారికి ఇది ఎలా నడుస్తుందో నేను హామీ ఇవ్వలేను. నాకైతే ఇదే మోడల్ మళ్లీ కొనవలసి వస్తే, ఆ గేరు విడిగా దొరుకుతుందా అని ముందు అడిగి, అప్పుడు ఆలోచిస్తాను.